నంబర్ అడిగే ముందు

డేటింగ్ యాప్‌లో ఒక మనిషి గురించి ఎదుటివారికి కనిపించేది చాలా తక్కువ. మొదటి పేరు, వయసు, నాలుగైదు ఫొటోలు, చేసే పని, ఎంత దూరంలో ఉన్నారన్న అంచనా. బంబుల్ భారతదేశంలోకి వచ్చిన కొత్తలోనే ఆడవాళ్లు తమ పేరులోని మొదటి అక్షరం మాత్రమే కనిపించేలా పెట్టుకునే వెసులుబాటు ఇచ్చింది. పేరు తెలిస్తే ఫేస్‌బుక్‌లో వెతికి పట్టుకుంటారన్న భయం ఇక్కడి అమ్మాయిలకు ఎంత ఉందో ఆ కంపెనీకి అర్థమైందన్నమాట. ఇంత జాగ్రత్తగా కట్టిన గోడ పది అంకెల ఫోన్ నంబర్ ఇచ్చిన క్షణంలో కూలిపోతుంది.

ఎలాగో చూడాలంటే ఎవరైనా తన నంబర్‌నే పరీక్షించుకోవచ్చు. స్నేహితుడి ఫోన్‌లో ఏదైనా యూపీఐ యాప్ తెరిచి, డబ్బు పంపే చోట ఆ నంబర్ కొడితే చాలు. రూపాయి పంపనక్కర్లేదు. బ్యాంకులో నమోదైన పేరు తెరమీదికి వస్తుంది. డబ్బు వేరేవాళ్లకు పోకుండా ఉండాలని, పంపేవారికి బ్యాంకు రికార్డులోని పేరే చూపించాలని ఎన్‌పీసీఐ 2025లో అన్ని యాప్‌లకూ నియమం పెట్టింది. లావాదేవీలకు అది మంచిదే. డేటింగ్ యాప్‌లో పరిచయమైన మనిషి చేతికి మాత్రం అదే దారిలో ఇంటిపేరు వెళ్తుంది. తెలుగువాళ్లలో ఇంటిపేరు తెలిస్తే ఏ కులమో, ఏ ప్రాంతం వాళ్లో చాలామంది ఊహించేస్తారు. పెళ్లి సంబంధాలు చూసే ఇళ్లలో అయితే ఆ పేరు పట్టుకుని రెండు ఫోన్లు చేస్తే తండ్రి పేరు దాకా వెళ్లొచ్చు. ప్రొఫైల్‌లో చెప్పదలచుకోని సంగతులన్నీ అడగకుండానే బయటపడతాయి.

ఇక ట్రూకాలర్ ఉండనే ఉంది. వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫొటో అందరికీ కనిపించేలా ఉంటే, అందులో అక్క పిల్లలో, ఆఫీసు బ్యాడ్జీయో ఉండొచ్చు. నంబర్ సేవ్ చేసుకున్నవారి ఫోన్ కాంటాక్టులను ఇన్‌స్టాగ్రామ్ చదివితే, మరునాడు ఆ ఖాతా ‘మీకు తెలిసినవారేమో’ అంటూ ఎదురుకావచ్చు.

వెనక్కి తీసుకోలేకపోవడం మరో ఇబ్బంది. యాప్‌లో మాటలు నచ్చకపోతే అన్‌మ్యాచ్ చేస్తే పోతుంది. నంబర్ అలా కాదు. ఆధార్, బ్యాంకు ఓటీపీలు, పీఎఫ్, గ్యాస్ బుకింగ్, ఊళ్లో అమ్మమ్మ పుస్తకంలో రాసుకున్న అంకెలు, అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. ఒకరు వేధిస్తున్నారని నంబర్ మార్చుకోవడం అంటే నెలరోజులు బ్యాంకులు, ఆఫీసుల చుట్టూ తిరగడమే. అందుకే అవతలివాళ్లు నంబర్ అడగ్గానే ఒక్క క్షణం ఆగే మనిషిని చూసి అనుమానపు మనిషి అనుకోవడం అన్యాయం. ఆ క్షణంలో వాళ్లు బేరీజు వేస్తున్నది ఇదంతా.

అడిగేవాళ్ల వైపు కారణాలూ కొట్టిపారేయదగ్గవి కావు. యాప్ నోటిఫికేషన్లు సగం రావు, వచ్చినా ఆలస్యంగా వస్తాయి. పొద్దున పంపిన మెసేజ్‌కు జవాబు రాత్రికి చూస్తారు. ఎవరైనా విసిగిపోయి యాప్ తీసేస్తే పరిచయం అక్కడితో తెగిపోతుంది. ఆఫీసులో పక్కసీటువాళ్లు చూస్తుండగా డేటింగ్ యాప్ తెరవలేని ఇబ్బందీ ఉంది. పైగా యాప్‌లో పక్కనే ఇంకో పది ముఖాలు కనిపిస్తుంటే, వాట్సాప్‌కు మారడం అంటే ‘ఈ మాటలు కాస్త ప్రత్యేకం’ అని చెప్పుకోవడం. కోరిక సహజమైనదే. చిక్కంతా ఎప్పుడు అడిగారు, ఎలా అడిగారు, కాదంటే ఏం చేశారు అన్న దగ్గరే వస్తుంది.

ఒక నమూనా జంటను తీసుకుంటే సంగతి తేటపడుతుంది. అబ్బాయిది ఖమ్మం, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అమ్మాయిది తెనాలి, బేగంపేటలో ఒక ఆడిట్ ఆఫీసులో పని, అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటుంది. ఇద్దరికీ నాటకాలంటే ఇష్టమని ప్రొఫైల్‌లో రాసుకున్నారు. మాటలు అక్కడ మొదలై వారంగా నడుస్తున్నాయి. ఈ దశలో చాలామంది పంపే మెసేజ్ ఇలా ఉంటుంది: ‘మీ నంబర్ పెట్టండి, నేను ఈ యాప్ పెద్దగా ఓపెన్ చేయను.’

పంపినవాడికి అందులో తప్పేమీ కనిపించదు. చదివే మనిషికి మూడు వినిపిస్తాయి. మొదటిది ఆజ్ఞ. రెండోది గడువు, ఇవ్వకపోతే ఇక ఇక్కడ దొరకనని. మూడోది, ఒప్పుకోవడం తప్ప మర్యాదగా తప్పుకునే దారి లేకపోవడం. కాదనాలంటే ఆమె కారణం వెతుక్కోవాలి, చెప్పిన కారణానికి అతను సమాధానం చెప్తాడు, అదొక వాదన అవుతుంది. ఒత్తిడి అంటే గట్టిగా అరవడమే కానక్కర్లేదు. ‘వద్దు’ అనడానికి ఎదుటివారు ఎంత కష్టపడాల్సి వస్తే అంత ఒత్తిడి.

అదే అబ్బాయి మూడు రోజులు ఆగాడనుకుందాం. ఈలోగా రవీంద్రభారతిలో ఆదివారం నాటకం ఉందన్న మాట వచ్చింది, ఆమె కూడా చూడాలనుందంది. అప్పుడు అతను ఇలా రాస్తాడు: ‘ఆదివారం వెళ్దామా మరి? ఆ రోజు ఎక్కడున్నామో చెప్పుకోవడానికి వాట్సాప్ అయినా, టెలిగ్రామ్ అయినా, ఇక్కడే అయినా నాకు పర్లేదు, మీకు ఏది వీలైతే అది. అన్నట్టు, మీ ఊళ్లో హార్మోనియం వాయించే పెద్దాయన సంగతి సగంలో ఆపేశారు.’

ఈ మెసేజ్‌లో పనిచేసినవి చిన్నచిన్న విషయాలే. నంబర్‌కు ఒక అవసరం దొరికింది, ఆ అవసరం ఇద్దరిదీ. ఉన్నచోటే ఉండిపోవడం కూడా జాబితాలో ఒకటిగా ఉంది, చివర్లో తప్పనిసరై చేర్చినట్టు లేదు. అన్నిటికన్నా మేలు చేసింది ఆఖరి వాక్యం. నంబర్ సంగతి ఎత్తకుండా హార్మోనియం పెద్దాయన గురించి రాసేయడానికి అది ఆమెకు దారి ఇచ్చింది. అలా రాసేస్తే అదే జవాబు. మరోసారి గుర్తుచేయాల్సిన పని అతనికి లేదు.

ఆమె రాసింది: ‘నాటకానికి ఓకే. నంబర్ తర్వాత ఎప్పుడైనా. ఇక్కడే మెసేజ్ చేసుకుందాం.’ అతను రాసింది: ‘అలాగే. షో ఆరున్నరకు. ఆరుంబావుకల్లా గేటు దగ్గర ఉంటాను, నీలం గళ్ల చొక్కా.’ అంతే. ‘అలాగే’ తర్వాత ‘పర్లేదులే’ అని గానీ, మూడు చుక్కలు గానీ, బుంగమూతి బొమ్మ గానీ లేవు. ఆమె మాటను నిజంగా తీసుకున్నాడా లేదా అన్నది ఆ తర్వాతి రెండు మూడు మెసేజ్‌ల జోరులోనే తెలిసిపోతుంది. అప్పటిదాకా గంటకోసారి రాసిన మనిషి హఠాత్తుగా ‘హ్మ్’కి పడిపోతే, పైకి ఏమన్నా అది అలకే.

నిజానికి ఆ దశలో నంబర్ అవసరమే రాలేదు. గొంతు వినాలనుకుంటే బంబుల్, హింజ్ వంటి యాప్‌లలో నంబర్ బయటపడకుండానే వీడియో కాల్ చేసుకునే సౌకర్యం ఉంది. శనివారం సాయంత్రం ఇద్దరూ పది నిమిషాలు అలా మాట్లాడుకున్నారు. ఫొటోలోని మనిషే ఎదురుగా ఉన్నాడని ఆమెకు నిశ్చయమైంది. ఏ నాటకమో, టికెట్ ఎవరు కొంటారో తేలింది. నంబర్ అడిగేముందు ఈ మెట్టు ఎక్కినవాళ్లు తక్కువ. ఇది ఉందని తెలియకే చాలామంది నేరుగా వాట్సాప్‌కు వెళ్తున్నారు.

చాలామంది మంచి అబ్బాయిలు ఇక్కడ ఒక ఉపాయం వాడతారు. ‘మీది అడగను, నాది ఇస్తున్నా, మీకు ఎప్పుడు అనిపిస్తే అప్పుడు మెసేజ్ చేయండి’ అని తన నంబర్ పెడతారు. అడగడం కన్నా ఇది మర్యాదే. ఎప్పుడు రాయాలో ఎదుటివారి చేతిలో ఉంటుంది. కానీ ఆమె ఆ నంబర్‌కు వాట్సాప్‌లో ‘హాయ్’ అనగానే ఆమె నంబర్ కూడా అతనికి చేరిపోతుంది. రాసేదాకానే ఆ రక్షణ. కాబట్టి తన నంబర్ పెట్టి రోజులు గడిచినా ఆమె రాయకపోతే, ‘నేనిచ్చాను కదా, మీరివ్వరా’ అనడం ఆమె అడగని దానికి అప్పు రాసినట్టు.

నంబర్ చేరకుండానే యాప్ దాటడానికి మంచి దారి యూజర్‌నేమ్. సిగ్నల్ 2024లో ఈ సౌకర్యం తెచ్చింది. ఖాతా తెరవడానికి నంబర్ కావాలి గానీ, కొత్తగా పరిచయమైనవారికి అది కనబడదు. చివర రెండు అంకెలుండే ఒక పేరు పెట్టుకుని దాన్ని ఇస్తే చాలు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆ పేరు మార్చుకోవచ్చు. టెలిగ్రామ్‌లోనూ యూజర్‌నేమ్ ఉంది. అయితే అక్కడ ప్రైవసీ సెట్టింగుల్లోకి వెళ్లి నంబర్ ఎవరికి కనిపించాలన్న చోట ‘నోబడీ’ పెట్టుకోవాలి. ఎవరినైనా కాంటాక్టుగా చేర్చేటప్పుడు ‘నా నంబర్ కూడా వారికి కనిపించనీ’ అన్న అర్థం వచ్చే ఒక టిక్ గుర్తు వస్తుంది. చూడకుండా ముందుకెళ్తే నంబర్ వెళ్లిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్ సులువనిపిస్తుంది గానీ నంబర్ ఇవ్వనక్కర్లేదన్న ఒక్క లాభానికి బదులు స్నేహితుల జాబితా, కాలేజీ, ట్యాగ్ అయిన పెళ్లి ఫొటోలు అన్నీ చేతికిచ్చినట్టవుతుంది. కొందరికి అది నంబర్ ఇవ్వడం కన్నా ఎక్కువ. ‘ఇన్‌స్టా అయినా ఇవ్వండి’ అని తేలిగ్గా అడిగేవాళ్లు ఇది గుర్తించాలి.

రెండో సిమ్ వాడేవాళ్లూ ఉన్నారు. 2023 నుంచి ఆండ్రాయిడ్‌లో ఒకే వాట్సాప్‌లో రెండు ఖాతాలు నడపొచ్చు. ఆ సిమ్‌ను బ్యాంకుకు జతచేయకుండా ఉంచితే యూపీఐలో పేరు బయటపడదు. అమెరికాలో ఉండే తెలుగు విద్యార్థులకు గూగుల్ వాయిస్ ఉచితంగా ఇచ్చే నంబర్ ఇదే పనికి వస్తుంది. అసలు నంబరే ఇచ్చేవాళ్లు కనీసం వాట్సాప్ ప్రైవసీలో ప్రొఫైల్ ఫొటో, లాస్ట్ సీన్, గ్రూపులు ఈ మూడింటినీ ‘మై కాంటాక్ట్స్’కు మార్చుకుని, కొత్త మనిషి నంబర్ కొన్నాళ్లు సేవ్ చేసుకోకుండా ఉంటే సరి. సేవ్ చేయనంతవరకూ ఆ ఫొటో అవతలివారికి కనబడదు.

పరిచయమైన పావుగంటకే ‘వాట్సాప్‌కు రండి’ అని తొందరపెట్టేవారి విషయంలో ఇంకో లెక్క ఉంది. మోసగాళ్లకు యాప్ అంటే భయం. నలుగురు రిపోర్ట్ చేస్తే ఖాతా పోతుంది, అందులోని కొన్ని మాటలను యాప్ తనంతట తానే పట్టేస్తుంది. అందుకని వీలైనంత త్వరగా బాధితుణ్ని వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో తీసుకుపోతారు. ఇందులో ఎక్కువగా చిక్కేది మగవాళ్లు. అర్ధరాత్రి ఒక వీడియో కాల్, అవతల నగ్నంగా ఉన్న అమ్మాయి వీడియో, ఇవతల ఇతని ముఖం, రెండూ కలిపి రికార్డు. ఆ తర్వాత పోలీసులమంటూ ఒకరు, వీడియో యూట్యూబ్‌లో పడిందంటూ ఇంకొకరు ఫోన్ చేసి డబ్బు గుంజుతారు. మరో రకం, రెండు మూడు వారాలు తీయగా మాట్లాడి ట్రేడింగ్ యాప్‌లో పెట్టుబడి పెట్టించేది. ఇలాంటిది జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, cybercrime.gov.in లో ఫిర్యాదు రాయాలి. డబ్బు ఎంత తొందరగా ఆపమని చెప్తే అంత మంచిది. నిజాయితీగా అడిగే మనిషికి, మోసగాడికి తేడా తెలుసుకోవడానికి ఒక మార్గం: యాప్‌లోనే వీడియో కాల్ చేద్దామంటే నిజమైనవాళ్లు ఒప్పుకుంటారు, లేకపోతే ఇంకో రోజు అంటారు. మోసగాళ్లు ఎప్పుడూ ఏదో కారణం చెప్పి మళ్లీ వాట్సాప్ మాటే ఎత్తుతారు.

కాదని చెప్పేవాళ్లకు ఎదురయ్యే కష్టం మాటల్లో ఉంది. మనవాళ్లు మొహం మీద ‘వద్దు’ అనరు. ‘చూద్దాం’, ‘తర్వాత ఇస్తాలెండి’, ‘నా ఫోన్ సరిగా పనిచేయట్లేదు’ అంటారు. వినేవాడు వినాలనుకుంటే ఈ మూడూ ‘వద్దు’లే. వినదలచుకోనివాడికి మాత్రం ప్రతిదీ ఇంకోసారి అడగడానికి సందు. ‘ఫోన్ బాగైందా’ అని రెండు రోజుల తర్వాత అడుగుతాడు. అందుకని చెప్పేవాళ్లు కారణం జోడించకుండా చెప్పడం మేలు: ‘నంబర్ ఇప్పుడే ఇవ్వను, ఇక్కడే మాట్లాడుకుందాం.’ కారణం లేకపోతే దాన్ని ఖండించే అవకాశమూ ఉండదు. దీనికి ‘నా మీద నమ్మకం లేదా’, ‘నేను అలాంటివాణ్ని కాదు’, ‘ఒక్క నంబర్‌కు ఇంత ఆలోచనా’ అన్న జవాబు వస్తే, అతను అడుగుతున్నది నంబర్ ఒక్కటే కాదని, ఆమె జాగ్రత్తపడినందుకు సంజాయిషీ కూడా అడుగుతున్నాడని అర్థం. రెండోసారి అలా అడిగినవాళ్లకు మూడో అవకాశం ఇవ్వాల్సిన పని లేదు. అన్‌మ్యాచ్ చేసేముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత చాలా యాప్‌లలో మాటలన్నీ మాయమవుతాయి.

చట్టం కూడా ఈ ‘మళ్లీ మళ్లీ’ని పట్టించుకుంటుంది. 2013లో ఐపీసీలో 354డి సెక్షన్‌గా వచ్చి, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్‌గా ఉన్న నిబంధన ప్రకారం, ఇష్టం లేదని ఒక మహిళ స్పష్టంగా తెలిపాక కూడా ఒక మగవాడు పదేపదే సంప్రదించడానికి ప్రయత్నిస్తే అది నేరం. మొదటిసారి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. బ్లాక్ చేశాక కొత్త నంబర్ నుంచి, ఇన్‌స్టా నుంచి, చివరికి యూపీఐలో రూపాయి పంపి దాని పక్కన సందేశం రాసి పలకరించడం ఈ పరిధిలోకి రాదనుకోవడం పొరపాటు. ఆమె మొదట ‘చూద్దాం’ అని, తర్వాత ‘వద్దు’ అని రాసిన స్క్రీన్‌షాట్లు స్టేషన్‌లో ఎంతో పనికొస్తాయి.

నంబర్ చేతికి వచ్చాక కూడా ఒత్తిడి వేరే రూపంలో మొదలవుతుంది, అక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. యాప్‌లో ఎవరు ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారో అంతగా తెలియదు. వాట్సాప్‌లో నీలి టిక్కులు, లాస్ట్ సీన్ తెలుస్తాయి. ‘చూసి కూడా రిప్లై ఇవ్వలేదేం’, ‘రాత్రి ఒంటిగంటకు ఎవరితో ఆన్‌లైన్’ అన్న ప్రశ్నలు ఇక్కడి నుంచే పుడతాయి. అడగకుండా ఫోన్ కొట్టడం ఇంకొకటి. సెలవులకు తెనాలి వెళ్లిన అమ్మాయి ఫోన్ వంటింటి గట్టు మీద చార్జింగ్‌లో ఉంటుంది. అది మోగితే ముందు చూసేది అమ్మ. ఎవరన్న ప్రశ్నకు ఆమె సిద్ధంగా ఉందో లేదో కాల్ చేసినవాడికి తెలియదు.

నమూనా జంట దగ్గరికే వస్తే, నాటకం చూసి బయటికొచ్చాక ఇద్దరూ లక్డీకాపూల్ దాకా నడిచి, టీ తాగి, ఎవరి దారిన వాళ్లు మెట్రో ఎక్కారు. అతను అప్పుడూ నంబర్ ఎత్తలేదు. ఇల్లు చేరాక ‘హాస్టల్‌కు చేరారా’ అని యాప్‌లోనే రాశాడు. మర్నాడు ఆమె తన టెలిగ్రామ్ యూజర్‌నేమ్ పంపింది. వాట్సాప్ నంబర్ ఇంకో నెల తర్వాత, మూడోసారి కలిసినప్పుడు ఆమే ఇచ్చింది. ఇచ్చేటప్పుడే తన నియమాలూ చెప్పింది: రాత్రి తొమ్మిది దాటాక మెసేజ్‌లే, కాల్స్ వద్దు. ఊరెళ్లినప్పుడు తనే చేస్తుంది. అతను తన వైపు నుంచి ఒకటి అడిగాడు. ఆఫీసు మీటింగుల్లో ఉంటే సాయంత్రం దాకా జవాబు రాకపోవచ్చు, దాన్ని పట్టించుకోవద్దని. ఇద్దరూ సరేనన్నారు. ఆ వారం ఆమె అతని నంబర్ సేవ్ చేసుకుంది, అప్పటి నుంచి ఆమె ప్రొఫైల్ ఫొటో అతనికి కనిపిస్తోంది.